ఆర్వో వేస్ట్ నీళ్లతో గులాబీలు మాడుతున్నాయి, తప్పు నీళ్లదేనా?

ప్రశ్న: మాది మధురవాడలో అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. బాల్కనీలో ఇరవై దాకా కుండీలున్నాయి. వాటర్ ప్యూరిఫయర్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు పారబోస్తే మా అత్తగారు ఊరుకోరు. డబ్బులు పెట్టి ట్యాంకర్ తెప్పించుకుంటూ కాలువలో పోస్తావా అంటారు. అందుకే ఫిబ్రవరి ఆఖరు నుంచి బకెట్లో పట్టి రోజూ మొక్కలకే పోస్తున్నాను. కింది ఫ్లాట్ వాళ్లు తమ బట్టల మీద నీళ్లు కారుతున్నాయని గొడవ పడ్డాక ప్రతి కుండీ కింద ట్రే పెట్టి, చుక్క కారకుండా కొలిచి పోస్తున్నాను. 12 అంగుళాల గులాబీ కుండీకి రోజుకి ముప్పావు లీటరు. మే నెలాఖరుకి గులాబీ ఆకుల అంచులు మాడిపోయాయి, మొగ్గలు విచ్చకుండానే ఎండుతున్నాయి. కరివేపాకు కొత్త చిగుళ్లు పసుపు రంగులో వస్తున్నాయి. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. కాగితం పూల మొక్క మాత్రం నిక్షేపంగా ఉంది. సర్వీస్ కుర్రాడు టీడీఎస్ మీటర్ పెట్టి చూసి కుళాయి నీళ్లు 620, తాగే నీళ్లు 60, వేస్ట్ నీళ్లు 860 అన్నాడు. ‘ఉప్పునీళ్లు పోసి నువ్వే చంపావు’ అని మా వారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ నీళ్లు ఆపేయాలా? మట్టిని కడగాలంటారు కదా, అది ఎన్నాళ్లకోసారి?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందుగా మీ వారి అభియోగం సంగతి చూద్దాం. ఆ సర్వీస్ కుర్రాడు మూడు అంకెలూ చెప్పి మంచి పని చేశాడు. చాలామంది వేస్ట్ నీళ్ల అంకె ఒక్కటే చూసి భయపడిపోతారు.

ప్యూరిఫయర్ కొత్తగా ఉప్పునేమీ తయారు చేయదు. కుళాయి నుంచి లోపలికి వెళ్లిన లవణాలే తాగే నీళ్లలోకి పోకుండా మిగిలిన నీళ్లలోకి చేరతాయి. మీ అంకెల్ని బట్టి చూస్తే మీ మెషీన్ పది లీటర్లు తీసుకుని సుమారు మూడు లీటర్లు తాగడానికి ఇస్తోంది, ఏడు లీటర్లు బయటికి వదులుతోంది. పది లీటర్ల ఉప్పు ఏడు లీటర్లలో సర్దుకోవాలి కాబట్టి 620 కాస్తా 860 అయింది. అంటే వేస్ట్ నీళ్లు మీ కుళాయి నీళ్లకంటే దాదాపు నలభై శాతం చిక్కన, అంతే. నీళ్లు తక్కువ వృథా చేసే కొత్త రకం మెషీన్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ ఉంటుంది. సగం నీళ్లు తాగడానికి ఇచ్చే మెషీన్ అయితే వేస్ట్ నీళ్లు కుళాయి కంటే రెట్టింపు చిక్కగా వస్తాయి. మెషీన్ మార్చే ఆలోచన ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు గులాబీ కుండీ లెక్క చేద్దాం. 860 అంటే లీటరు నీళ్లలో 860 మిల్లీగ్రాముల లవణాలు. రోజుకి ముప్పావు లీటరు పోస్తే సుమారు 0.65 గ్రాములు. చూడ్డానికి చిటికెడు కూడా కాదు. నెలకి అది 19 గ్రాములు దాటుతుంది, మూడు నెలలకి 58 గ్రాములు. మొక్క తాగేది దాదాపుగా నీళ్లనే, ఎండ లాగేది పూర్తిగా నీళ్లనే. లవణాల్లో చాలా కొంచెమే మొక్కలోకి వెళ్తుంది. కుండీ అడుగు నుంచి చుక్క కారనివ్వలేదు కాబట్టి మిగతాదంతా మట్టిలోనే ఉండిపోయింది.

12 అంగుళాల కుండీలో సుమారు 12 లీటర్ల మట్టి ఉంటుందనుకుంటే అది పట్టి ఉంచే తడి నాలుగు లీటర్ల దాకా ఉండొచ్చు. నాలుగు లీటర్లలో 58 గ్రాములంటే లీటరుకి పద్నాలుగు పైచిలుకు. సముద్రపు నీళ్లలో సగటున లీటరుకి 35 గ్రాములు ఉంటాయి. మీ కుండీలో చేరిన లవణాల్లో కొంత భాగం సున్నంలా గడ్డకట్టి మట్టి మీదా కుండీ గోడలకీ అంటుకుంటుంది. అది వేళ్లకి అంత హాని చేయదు. సగం అలా పోయిందనుకున్నా, మీ గులాబీ వేళ్లు సముద్రపు నీళ్లలో ఐదో వంతు ఉప్పదనంలో మునిగి ఉన్నాయి. మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో వాడుతుంది. బయట ఉప్పదనం ఎక్కువైతే వేళ్లు నీటిని లోపలికి లాక్కోలేవు. అలా వాడింది చూసి ఇంకాస్త అదే నీళ్లు పోస్తాం, సమస్య ముదురుతుంది.

సరే, ఈ వేస్ట్ నీళ్లకి బదులు మూడు నెలలూ కుళాయి నీళ్లే పోసి ఉంటే? అదే ముప్పావు లీటరు, అదే ట్రే, చుక్క కారకుండా. రోజుకి 0.47 గ్రాములు చొప్పున ఆ 58 గ్రాములు చేరడానికి నాలుగు నెలలు పట్టేది. మే నెలాఖరులో జరిగింది జూలైలో జరిగేది. కాబట్టి మీ వారికి ఈ పేరా చూపించండి. నీళ్లకి బాధ్యత లేదని నేననను, కానీ అసలు బాధ్యత నీళ్లు బయటికి పోయే దారి మూసేయడానిది. కింది ఫ్లాట్ గొడవ సర్దుకోవడం కోసం మీరు చేసిన ఏర్పాటు అది, ఎవరైనా అదే చేస్తారు.

ఇక అత్తగారి మాట. ఆవిడ చెప్పింది తప్పు కాదు. 860 నీళ్లు పారబోయాల్సినంత చెడ్డవి కావు. నా లెక్కలో వేస్ట్ నీళ్లు 500 లోపుంటే నీళ్లు బయటికి పోయే కుండీల్లో దాదాపు ఏ మొక్కకైనా పోయొచ్చు. 500 నుంచి 1000 వరకు మొక్కని బట్టి, కడగడాన్ని బట్టి. 1000 దాటితే సగానికి సగం మంచి నీళ్లు కలపకుండా పోయను. 2000 దాటితే కుండీల జోలికి తీసుకురాకండి, బాత్రూమ్ ఫ్లష్‌కి, నేల తుడవడానికి వాడుకోండి. మీరున్నది మధ్య గడిలో, అందుకే కాగితం పూలు బాగున్నాయి, గులాబీ మాడింది. కాగితం పూలు, గన్నేరు, కలబంద, పాలకూర ఉప్పుని బాగా ఓర్చుకుంటాయి. గులాబీ, నిమ్మ, చిక్కుడు జాతి మొక్కలు, మిర్చి ఓర్చుకోవు.

ఈ అంకె ఏడాదంతా ఒకేలా ఉండదన్నది కూడా చూసుకోండి. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు నుంచి నగరానికి వచ్చేవి వాన నీళ్లే, వాటిలో లవణాలు తక్కువ. వేసవిలో సంప్‌లోకి బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు ఎక్కువగా కలుస్తాయి. అందుకే ఒకే మెషీన్ నుంచి మేలో ఒక రకం నీళ్లు, అక్టోబరులో మరో రకం నీళ్లు వస్తాయి. టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. మీకున్న ఇరవై కుండీలకి అది ఎరువు బస్తా కంటే ఎక్కువ పనికొస్తుంది. నెలకోసారి వేస్ట్ నీళ్లలో ముంచి చూసుకుంటే చాలు.

ఆ మీటర్ చెప్పని విషయం ఒకటుంది. మీ అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లకి సాఫ్ట్‌నర్ బిగించారేమో అసోసియేషన్ వాళ్లనో వాచ్‌మన్‌నో అడగండి. ఉప్పు బస్తాలు కొని అందులో పోస్తుంటే అదే సాఫ్ట్‌నర్. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. మీటర్ మీద అంకె పెద్దగా మారదు, కానీ మొక్కకీ మట్టికీ చాలా తేడా. సోడియం ఎక్కువైతే ఎర్రమట్టి మెత్తగా బురదలా అయి, ఆరాక పెంకులా గట్టిపడుతుంది, పోసిన నీళ్లు పైనే నిలిచిపోతాయి. అలాంటి నీళ్ల నుంచి వచ్చిన వేస్ట్ నీళ్లు అంకె 500 ఉన్నా కుండీలకి వద్దంటాను. మీ మట్టి మీద తెల్లటి పొర ఉందన్నారు కాబట్టి ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ పొర కొంచెం గీకి దాని మీద నిమ్మరసం పిండండి. నురగ వచ్చి, విడిగా నీళ్లలో వేస్తే కరగకపోతే అది ఎక్కువగా సున్నం, అంటే నీళ్లు మామూలు గరుకు నీళ్లే, సాఫ్ట్‌నర్ ప్రభావం తక్కువ. నురగ వచ్చినా రాకపోయినా నీళ్లలో కరిగిపోతే కరిగే ఉప్పు.

ఇప్పుడు గులాబీని కాపాడే పని. మొదటిసారి కడగడం కొంచెం పెద్ద పనే, తర్వాత తేలిక.

మట్టి మీది తెల్లటి పొరని అర అంగుళం మందాన గీకి తీసి పారేయండి. అలా తీయకుండా నీళ్లు పోస్తే అది కరిగి మళ్లీ వేళ్ల దగ్గరికి దిగుతుంది. ట్రే తీసేసి కుండీని బాత్రూమ్‌లోకి చేర్చి రెండు ఇటుకల మీద పెట్టండి, అడుగు రంధ్రాలు మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరవండి. ముందు ఒక లీటరు నెమ్మదిగా పోసి అరగంట ఆగండి. ఎండిన మట్టి కుండీ అంచుల నుంచి విడిపోయి ఉంటుంది, ఒక్కసారి బకెట్ ఒంపితే నీళ్లన్నీ ఆ సందులోంచి జారి కింద నుంచి వచ్చేస్తాయి, మట్టి మధ్యలో ఉప్పు కదలదు. కడిగాను, ఏమీ లాభం లేదు అనే ఉత్తరాల్లో చాలావాటికి కారణం ఇదే.

మట్టి నానాక మూడేసి లీటర్ల చొప్పున, మధ్యలో పావుగంట ఆగుతూ పోయండి. మట్టి 12 లీటర్లు కాబట్టి 12 లీటర్ల నీళ్లు ఇలా విడతలుగా పోస్తే కరిగే ఉప్పులో నాలుగింట మూడొంతులు బయటికి వచ్చేస్తుంది. అదే 12 లీటర్లు ఒక్కసారి పోస్తే అంత రాదు. మీది మూడు నెలల నిల్వ కాబట్టి మొదటిసారికి 24 లీటర్లు పోయండి. 24 లీటర్లు అనగానే అత్తగారి ముఖం గుర్తొచ్చి ఉంటుంది. దానికీ దారుంది. కడగడానికి ఆ వేస్ట్ నీళ్లే వాడొచ్చు. మట్టిలో ఉన్నది లీటరుకి ఏడు గ్రాములో పైనో, పోసేది లీటరుకి ఒక గ్రాము కూడా లేనిది. కాబట్టి అది మట్టిలోని ఉప్పుని బయటికి నెట్టగలదు. మొదటి ఇరవై లీటర్లు వేస్ట్ నీళ్లు, చివరి మూడు నాలుగు లీటర్లు ఏసీ పైపు నుంచి పట్టిన నీళ్లో వాన నీళ్లో అయితే చాలు. ఏసీ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, మన ఊరి ఉక్కకి వేసవిలో అవి బాగానే వస్తాయి. ఏసీ లేకపోతే తాగే నీళ్లు రెండు లీటర్లు ఖర్చు పెట్టండి.

సరిపోయిందో లేదో మీటర్‌తోనే తెలుస్తుంది. కడిగిన మర్నాడు మామూలుగా నీళ్లు పోసి ఓ అరగంట ఆగి, తర్వాత తాగే నీళ్లు ఒక గ్లాసు మట్టి మీద చుట్టూ పోయండి. అప్పుడు అడుగు నుంచి కారే మొదటి అర గ్లాసు నీళ్లని పట్టి మీటర్ ముంచండి. అది వేళ్ల చుట్టూ ఉన్న నీళ్లకి దగ్గరగా ఉంటుంది. 1500 లోపు వస్తే గులాబీకి ఫరవాలేదు. 1500 నుంచి 2500 మధ్య ఉంటే త్వరలో కడగాలి. 2500 దాటితే వెంటనే కడగాలి. కొత్తగా ఎరువు వేసిన వారంలో ఈ పరీక్ష చేయకండి, ఎరువు కూడా లవణమే కాబట్టి అంకె పెరిగి కనిపిస్తుంది.

కడిగినప్పుడు ఉప్పుతోపాటు నత్రజని, పొటాష్ కూడా కొట్టుకుపోతాయి. అయినా ఆ రోజే ఎరువు వేయకండి. పది రోజులు ఆగి రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్ట్ వేయండి. మాడిన అంచులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి నిరాశ పడొద్దు. మూడు నాలుగు వారాల్లో వచ్చే కొత్త ఆకుల అంచులు శుభ్రంగా ఉంటే మొక్క కోలుకున్నట్టే.

ఇక ఎన్నాళ్లకోసారి అన్న మీ ప్రశ్న. దానికి జవాబు తేదీ మీద కాదు, మీరు కుండీ అడుగు నుంచి ఎంత నీళ్లు వదలగలరన్న దాని మీద ఆధారపడుతుంది. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, కింది వాళ్లతో గొడవ లేకుండా రోజూ కొంచెం కారనివ్వడం. కుండీని ఇటుక ముక్కల మీద ఎత్తిపెట్టి కింద లోతైన టబ్బు పెడితే కారిన నీళ్లు మట్టికి తగలకుండా అందులో నిలుస్తాయి, సాయంత్రం మగ్గుతో తీసి పారబోయొచ్చు. ట్రేలో నిలిచిన నీళ్లని అలాగే వదిలేస్తే మట్టి వాటిని మళ్లీ పైకి పీల్చుకుంటుంది, కారిన ఫలితం ఉండదు. ముప్పావు లీటరుకి బదులు 950 మిల్లీలీటర్లు పోస్తే దాదాపు 200 కారిపోతాయి, అంటే ఐదో వంతు. అయితే ఒక మెలిక ఉంది. ఐదో వంతు మాత్రమే కారితే, మొత్తం ఉప్పుని ఆ ఐదో వంతే మోసుకుపోవాలి కాబట్టి అడుగున చిక్కదనం పోసిన దానికి ఐదు రెట్లకి చేరుతుంది. 860కి ఐదు రెట్లంటే 4300. కాగితం పూలు దాన్ని ఓర్చుకుంటాయి, గులాబీ ఓర్చుకోదు. అందుకే ఈ దారిలో కూడా గులాబీలని వేసవిలో మూడు వారాలకోసారి, మిగతావాటిని రెండు నెలలకోసారి కడగాలి.

రెండు, నీళ్లు కలిపి పోయడం. సగం వేస్ట్ నీళ్లు, సగం ఏసీ నీళ్లు కలిపితే అంకె 430కి దిగుతుంది. అదే ఐదో వంతు కారనిస్తే అడుగున 2150 దగ్గర ఆగుతుంది, వేళ్ల మధ్య భాగంలో అంతకంటే తక్కువే ఉంటుంది. అప్పుడు గులాబీకి కూడా నెల, నెలన్నరకి ఒక కడుగు సరిపోతుంది. రోజూ కలపడం ఓ చాకిరీ. ఓపిక ఉంటే ఉన్నవాటిలో ఇదే మంచిది.

మూడు, చుక్క కారడానికి వీల్లేదంటే మొక్కల్ని విడదీయడం. వేస్ట్ నీళ్లన్నీ కాగితం పూలు, కలబంద, పాలకూరలకి. గులాబీలకి మాత్రం ఏసీ నీళ్లు, అవి చాలని రోజు కుళాయి నీళ్లు. గులాబీలని నెలకోసారి, గట్టి మొక్కల్ని కూడా నెలకోసారి బాత్రూమ్‌కి తీసుకెళ్లి కడగాలి. ఏసీ నీళ్లు చాలక గులాబీలకి కూడా వేస్ట్ నీళ్లే, అదీ ట్రేలో చుక్క కారకుండా పోయాల్సి వస్తే పది పన్నెండు రోజులకోసారి కడగక తప్పదు. 15 కిలోల పైబడ్డ కుండీని అన్నిసార్లు మోయడం ఎంతకాలం సాగుతుందో మీరే ఆలోచించుకోండి. చక్రాల స్టాండ్లు దొరుకుతాయి, గులాబీల వరకైనా కొనండి.

వానాకాలంలో ఈ గడువులన్నీ రెట్టింపు చేసుకోవచ్చు. నీళ్లు తక్కువ పోస్తారు, పోసే నీళ్ల అంకె కూడా తగ్గుతుంది. కానీ పైకప్పు ఉన్న బాల్కనీలో కుండీలని వాన కడగదు. అక్టోబరు వానల్లో ఒక రోజు వాటిని టెర్రస్ మీద పెట్టగలిగితే అంతకంటే మంచి కడుగు లేదు.

కరివేపాకు సంగతి వేరు. కొత్త చిగుళ్లు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తుంటే అది ఉప్పు దెబ్బ కాదు. గరుకు నీళ్లలోని సున్నం వల్ల మట్టి క్షారమై, ఇనుము ఉన్నా మొక్కకి అందడం లేదు. కడిగితే ఇది పూర్తిగా తగ్గదు. ఎరువుల కొట్లో చీలేటెడ్ ఐరన్ అడిగి, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి, ఏసీ నీళ్లు మొదట దీనికే పోయండి. కరివేపాకుకి పుల్లమజ్జిగ పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, పోయొచ్చు. అయితే భోజనాలయ్యాక మిగిలిన ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం వద్దు.

సాఫ్ట్‌నర్ ఉందని తేలితే పైన చెప్పిన మూడు దారులూ మీకు వర్తించవు. అప్పుడు గులాబీ కుండీల పైమట్టిలో ఒక్కో పెద్ద చెంచా జిప్సం కలిపి, ఏసీ నీళ్లతోనో వాన నీళ్లతోనో కడగండి. రెండుసార్లు కడిగాక కూడా నీళ్లు పైనే నిలుస్తుంటే ఆ మట్టి మీద ఇంకా శ్రమ పెట్టకండి. ఎండలు తగ్గాక మొక్కని తీసి, ఎర్రమట్టి, వర్మీ కంపోస్ట్, బాగా కడిగిన కోకోపీట్ కలిపిన కొత్త మట్టిలోకి మార్చండి. కడగని కోకోపీట్‌లో దాని సొంత ఉప్పే చాలా ఉంటుంది కాబట్టి దాన్ని నీళ్లలో నానబెట్టి పిండి, ఆ పిండిన నీళ్లలో కూడా ఒకసారి మీటర్ ముంచి చూడండి.